రౌటరు మరచిపోయే సంగతులు - ఇంటికొక సెట్టింగుల పుట

విద్యుత్ రక్షణ విభాగంలో పనిచేసినవారికి 'సెట్టింగ్' అనే మాట అన్నంలో ఉప్పు వంటిది. నేను ఉద్యోగంలో చేరిన 1990వ దశకం తొలి సంవత్సరాలలో మా రిలే ప్యానెళ్ళలో సెట్టింగ్ అంటే కంటికి కనిపించే వస్తువు. ఒక ఇత్తడి ప్లగ్గును ఫలానా రంధ్రంలో బిగించి, ఒక డయల్‌ను ఫలానా అంకె దగ్గర నిలిపితే అదే సెట్టింగ్. కరెంటు పోయినా, ప్యానెల్ మొత్తం దుమ్ము పట్టినా ఆ ప్లగ్గు అక్కడే ఉండేది. తరువాత న్యూమరికల్ రిలేలు వచ్చాయి. అదే సెట్టింగ్ ఒక చిప్పులో అంకెలుగా మారిపోయింది. అప్పటినుండి మా విభాగంలో ఒక నియమం స్థిరపడింది. రిలేలోని ఫర్మ్‌వేర్ మార్చే ముందు సెట్టింగులన్నీ కంప్యూటర్‌లోకి తీసుకోవాలి, కాగితంపై అచ్చు వేసి సంతకం చేయాలి. మార్చిన తరువాత ఒక్కొక్క వరుసనూ కాగితంతో సరిపోల్చి చూసి గాని ఫీడరును చార్జ్ చేయకూడదు.

మన ఇళ్ళలో గోడకు వ్రేలాడే ఇంటర్నెట్ రౌటరు కూడా ఈ జాతికి చెందినదే. అందులోనూ ఫర్మ్‌వేర్ ఉంది, సెట్టింగులున్నాయి. ఫర్మ్‌వేర్ మారినప్పుడు సెట్టింగులు పోయే అవకాశం కూడా ఉంది. తేడా ఒక్కటే. ఫ్యాక్టరీలో సంతకం చేసిన కాగితం ఉంటుంది. ఇంట్లో ఉండదు. 'నిన్నటిదాకా పనిచేసింది, ఈ రోజు వైఫై పాస్‌వర్డ్ తప్పంటోంది, ఎవరూ ముట్టుకోలేదు' అని మన కాలనీలో నన్ను అడిగినవారు చాలామంది ఉన్నారు. వారు చెప్పేది నిజమే. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. ఆ మార్పు ఎలా జరుగుతుందో, దానికి ముందే ఏమి చేసి ఉంచుకోవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఒకే చిప్పులో వేర్వేరు గదులు

రౌటరులో ఫ్లాష్ అనే జ్ఞాపక చిప్పు ఒకటి ఉంటుంది. కరెంటు పోయినా దానిలోని వ్రాత చెరగదు. తయారీదారు ఆ చిప్పును కొన్ని గదులుగా విభజిస్తాడు. మొదటి చిన్న గదిలో యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రాం ఉంటుంది. పెద్ద గదిలో ఫర్మ్‌వేర్, అంటే రౌటరును నడిపే అసలు ప్రోగ్రాం ఉంటుంది. మరొక చిన్న గదిలో మన సెట్టింగులుంటాయి. వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఖాతా పేరు, రౌటరు పేజీలో ప్రవేశించేందుకు మనం పెట్టుకున్న పాస్‌వర్డ్ అన్నీ అక్కడివే. ఇవన్నీ కలిపినా కొన్ని పదుల కిలోబైట్లకు మించవు.

ఫర్మ్‌వేర్ మార్పిడి అంటే పెద్ద గదిలోని సామాను తీసివేసి కొత్త సామాను పెట్టడం. సెట్టింగుల గది జోలికి పోకూడదు. నూటికి తొంభై సందర్భాలలో పోదు కూడా. అందుకే చాలాసార్లు రాత్రికి రాత్రి ఫర్మ్‌వేర్ మారినా మనకు తెలియదు. అలా తెలియకుండా జరిగిపోవడం అలవాటైనందువల్లనే, ఎప్పుడో ఒకసారి సెట్టింగులు పోయినప్పుడు మనకు ఆశ్చర్యం కలుగుతుంది.

ఎందుకు పోతాయి?

మొదటి కారణం భాష మారడం. సెట్టింగుల గదిలో ఉన్నది ఒక జమాఖర్చుల పుస్తకం వంటిది. ఏ పద్దు ఏ పేరుతో వ్రాయాలో ఫర్మ్‌వేర్ నిర్ణయిస్తుంది. కొత్త ఫర్మ్‌వేర్ వ్రాసిన ఇంజనీర్లు పద్దుల పేర్లు మార్చారనుకోండి. ఉదాహరణకు పాత పద్ధతిలో వైఫైకి చెందిన వరుసలు ఇలా ఉండవచ్చు:

```
wifi24_name=Godavari_Q14
wifi5_name=Godavari_Q14_5G
```

కొత్త పద్ధతిలో రెండు తరంగశ్రేణులకు కలిపి ఒకే పేరు పెట్టాలని నిర్ణయించారనుకోండి:

```
wifi_name=
band_steering=on
```

కొత్త ఫర్మ్‌వేర్ మేల్కొని `wifi_name` అనే పద్దు కోసం వెతుకుతుంది. పుస్తకంలో ఆ పేరుతో ఏదీ లేదు. పాత పద్దులను కొత్త పేర్లలోకి మార్చే చిన్న ప్రోగ్రామును తయారీదారు జతచేసి ఉంటే సమస్య లేదు. జతచేయకపోతే, లేదా రెండు మూడు వెర్షన్లు దాటి ఒకేసారి దూకినందువల్ల అది ఉపయోగపడకపోతే, కొత్త ఫర్మ్‌వేర్ తన సొంత విలువను, అంటే పరికరం అడుగున చీటీపై అచ్చువేసిన పేరునూ పాస్‌వర్డునూ తీసుకుంటుంది. ఈ కారణం వల్ల అన్ని సెట్టింగులూ పోవలసిన అవసరం లేదని గమనించండి. ఏ భాగంలో భాష మారిందో ఆ భాగమే పోతుంది.

దీనికి బహిరంగంగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచమంతటా ఎంతోమంది తమ రౌటర్లలో వాడుతున్నారు. 2021లో వెలువడిన దాని 21.02 వెర్షన్‌లో కొన్ని రకాల రౌటర్లకు కేబుల్ పోర్టులను గుర్తించే పద్ధతే మారిపోయింది. పాత నెట్‌వర్క్ సెట్టింగులు కొత్త పద్ధతికి సరిపోవు. కనుక ఆ రౌటర్లలో మార్పిడి ప్రోగ్రాం తానే ఆగి, సెట్టింగులు నిలుపుకోకుండా `sysupgrade -n` అనే ఆదేశంతో మార్చమని చెబుతుంది. సరిపోని సెట్టింగులతో సగం పనిచేసే రౌటరు కంటే, అన్నీ చెరిపి సక్రమంగా పనిచేసే రౌటరు మేలన్నది వారి నిర్ణయం. ఇంజనీరుగా నేను దానితో ఏకీభవిస్తాను. ఇక్కడ మెచ్చుకోదగినది ముందుగా చెప్పడం. మన ఇళ్ళలో సంస్థలే దూరం నుండి చేసే మార్పిడిలో ఆ ముందు మాట సాధారణంగా మనకు చేరదు.

రెండవ కారణం పుస్తకం చిరగడం. సెట్టింగులు వ్రాసినప్పుడు రౌటరు వాటన్నింటి నుండి లెక్కకట్టిన ఒక సరిచూపు సంఖ్యను కూడా చివర వ్రాస్తుంది. మేల్కొన్నప్పుడు మళ్ళీ లెక్కకట్టి సరిపోల్చుతుంది. సరిపోకపోతే పుస్తకాన్ని నమ్మకుండా మొత్తం సెట్టింగులను మొదటి స్థితికి తెస్తుంది. కొత్త ఫర్మ్‌వేర్ మొదటిసారి మేల్కొని పాత పద్దులను కొత్త రూపంలో తిరగవ్రాసే ఆ కొద్ది నిమిషాలలో కరెంటు పోతే ఇదే జరుగుతుంది. ఫైబర్ పరికరాలలో చాలావరకు ఫర్మ్‌వేర్ రెండు ప్రతులుగా ఉంటుంది. కొత్తది చెడితే పాత ప్రతితో మేల్కొనవచ్చు. సెట్టింగుల పుస్తకానికి అన్ని పరికరాలలో అటువంటి రెండవ ప్రతి ఉండదు.

మూడవ కారణం ఇతరుల చేయి. మన ఇంటి రౌటరును ఇంటర్నెట్ సంస్థ దూరం నుండి నిర్వహించేందుకు టీఆర్-069 అనే పద్ధతి 2004లోనే వెలువడింది. దీని ద్వారా సంస్థ కంప్యూటర్ మన రౌటరుకు కొత్త ఫర్మ్‌వేర్ పంపగలదు, ఆ వెంటనే తన దగ్గర నమోదైన సెట్టింగులను కూడా పంపగలదు. తన దగ్గర నమోదైనవి అన్న మాటే ముఖ్యం. ఖాతా పేరు, దాని పాస్‌వర్డ్ సంస్థకు తెలుసు. మీరు వైఫైకి పెట్టుకున్న పేరు, ప్రింటరుకు కేటాయించిన స్థిరమైన చిరునామా దాని దగ్గర నమోదై ఉండకపోవచ్చు. కనుక సెట్టింగులు చెరిగినప్పుడు సంస్థకు తెలిసినవి తిరిగి వస్తాయి. మనకు మాత్రమే తెలిసినవి తిరిగి రావు.

మా ఇంట్లో జరిగినది

2023 వర్షాకాలంలో మా క్వార్టరులో సరిగా ఇదే జరిగింది. మా క్వార్టరు పల్లంలో ఉంది, గోడలు మందమైనవి. ఇంటి లోపల మొబైల్ సిగ్నల్ అందదు. అందువల్ల మా ఫోన్లన్నింటిలో వైఫై కాలింగ్ పెట్టుకున్నాం, అంటే కాల్ రౌటరు ద్వారా వెళుతుంది. ఎనభై దాటిన మా అమ్మగారు పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఆమెకు ఆ ఫోనే మాకున్న దారి.

ఒక ఉదయం నేను మొదటి షిఫ్టులో ఉండగా కంట్రోల్ రూం ఫోనుకు పొరుగు క్వార్టరు నుండి కాల్ వచ్చింది. 'సార్, అమ్మగారు మా ఇంటికి నడిచి వచ్చారు. కళ్ళు తిరిగాయట. మీకు ఫోను చేస్తే కలవలేదంటున్నారు. మేము డిస్పెన్సరీకి తీసుకువెళుతున్నాం, మీరు కంగారు పడకండి' అన్నారు ఆ ఇంటివారు. బీపీ మాత్ర వేళ తప్పినందువల్ల వచ్చిన తల తిరుగుడు అది. మధ్యాహ్నానికి సర్దుకుంది. 'నాలుగుసార్లు చేశాను నాయనా, అది ఉలకలేదు, పలకలేదు' అన్నారు అమ్మగారు సాయంత్రం. కళ్ళు తిరుగుతున్న మనిషి రెండు మెట్లు దిగి, రోడ్డు దాటి వెళ్ళవలసి రావడం నాకు ఆ రోజంతా మనసులో మెదిలింది.

ఇంటికి వచ్చి రౌటరు చూశాను. PON దీపం నిలకడగా వెలుగుతోంది. అంటే ఫైబర్ బాగానే ఉంది. LOS దీపం ఆరి ఉంది. అది ఎర్రగా మెరుస్తుంటే ఫైబర్ తెగిందని అర్థం. ఇంటర్నెట్ దీపం కూడా వెలుగుతోంది. సంస్థవారి లెక్కలో మా కనెక్షన్ నిక్షేపంగా ఉంది. కాని ఫోనులో వైఫై పేర్ల జాబితా తెరిస్తే మా ఇంటి పేరు లేదు. దాని స్థానంలో పరికరం అడుగున చీటీపై ఉన్న పేరు కనిపించింది. అమ్మగారి ఫోను పాత పేరు కోసం ఉదయం నుండి ఎదురుచూస్తూనే ఉంది.

చీటీపై ఉన్న పాస్‌వర్డుతో చేరి, బ్రౌజరులో 192.168.1.1 తెరిచాను. ఫర్మ్‌వేర్ వెర్షన్ సంఖ్యలో మొదటి అంకె మారి ఉంది. మొదటి అంకె మారడం సాధారణంగా పెద్ద మార్పుకు గుర్తు. తెల్లవారుజామున ఆ మార్పిడి జరిగినట్లు రౌటరు చిట్టాలో ఉంది. ఖాతా వివరాలు సంస్థ కంప్యూటర్ తిరిగి నింపింది. వైఫై భాగం మాత్రం ఖాళీ. సంస్థ సర్వీసు ఇంజనీరును అడిగితే, కొత్త వెర్షన్‌లో రెండు తరంగశ్రేణులనూ ఒకే పేరు క్రింద కలిపారని, అందువల్ల పాత వైఫై వివరాలు రాలేదని చెప్పారు. పైన వ్రాసిన మొదటి కారణం, మూడవ కారణం రెండూ కలిసి వచ్చాయన్నమాట.

మా ఇంట్లో రౌటరు వివరాలు వ్రాసిన పుట ఒకటి పాత డైరీలో ఉండేది. ఆ పుట తెరిచి పాత పేరును, పాత పాస్‌వర్డును అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. రెండు నిమిషాలలో అమ్మగారి ఫోను, మా శ్రీమతి ఫోను, టీవీ ఏమీ చేయకుండానే వాటంతట అవే చేరాయి. వరండాలోని పాత కెమెరా ఒక్కటి చేరలేదు. కారణం మరొక గడిలో దొరికింది. కొత్త వెర్షన్ వైఫై భద్రతా పద్ధతిని WPA2/WPA3 అని మార్చి ఉంచింది. పాత పరికరాలు కొన్ని ఈ మిశ్రమ పద్ధతితో పొసగవు. దానిని WPA2కి మార్చగానే కెమెరా కూడా వచ్చింది. మొత్తం పని అరగంట లోపు పూర్తయింది. అందులో వెతుకులాటకు పట్టిన సమయం తక్కువ. పుట లేకపోతే ప్రతి ఫోనునూ, టీవీనూ, కెమెరానూ ఒక్కొక్కటిగా తిరిగి కలపవలసి వచ్చేది.

ఏది పోయిందో గుర్తించడం

ఈ అనుభవం నుండి పాఠకులు ఒక క్రమం గుర్తుంచుకోవచ్చు. మొదట వైఫై పేర్ల జాబితా చూడండి. చీటీపై ఉన్న పేరు కనిపిస్తే వైఫై సెట్టింగులు పోయినట్లే. మీ పేరే ఉండి పాస్‌వర్డ్ తప్పంటే పాస్‌వర్డు గాని, భద్రతా పద్ధతి గాని మారింది. వైఫైలో చేరగలిగి 'ఇంటర్నెట్ లేదు' అని వస్తే, PON దీపం చూడండి. అది నిలకడగా ఉంటే ఖాతా వివరాలు పోయి ఉండవచ్చు. రౌటరు పేజీలో WAN అనే భాగంలో PPPoE అని ఉన్నచోట ఖాతా పేరు ఖాళీగా ఉందేమో గమనించండి. అంతా బాగుండి ప్రింటరో కెమెరానో మాత్రమే పనిచేయకపోతే, వాటికి కేటాయించిన చిరునామా పోయి ఉండవచ్చు.

'దాచిన పాస్‌వర్డ్ పోయింది' అని కొందరంటారు. నిజానికి ఫోనులోను, బ్రౌజరులోను దాచినది ఎక్కడికీ పోదు. తాళంచెవి మన దగ్గరే ఉంటుంది, తాళమే మారిపోయింది. ఫోను వైఫై పేరును, భద్రతా పద్ధతిని, పాస్‌వర్డును కలిపి గుర్తుంచుకుంటుంది. పాత వివరాలనే రౌటరులో తిరిగి పెడితే పాత తాళంచెవి పనిచేస్తుంది. ఇక బ్రౌజరు సంగతి. రౌటరు పేజీలోని ప్రవేశ పాస్‌వర్డ్ చీటీపై ఉన్నదిగా మారిపోయినా, బ్రౌజరు తెలియక పాతదానినే నింపుతుంది. రౌటరు తిరస్కరిస్తుంది. అలా మూడు నాలుగుసార్లు ప్రయత్నిస్తే చాలా రౌటర్లు కొన్ని నిమిషాలు తలుపు మూసివేస్తాయి. కనుక ఒకసారి తప్పని వస్తే బ్రౌజరు నింపినదానిని చెరిపి, చీటీ చూసి వ్రాయండి.

ముందుగా చేయవలసినవి

చాలా రౌటర్ల పేజీలో Backup అనే మీట ఉంటుంది. దానిని నొక్కితే సెట్టింగులన్నీ ఒక ఫైలుగా కంప్యూటర్‌లోకి వస్తాయి. తప్పక తీసుకోండి. కాని దానిమీదే ఆధారపడవద్దు. ఆ ఫైలు సాధారణంగా అదే మోడలుకు, అదే వెర్షనుకు లేదా దానికి దగ్గరి వెర్షనుకే సరిపోతుంది. కొన్ని తయారీలలో ఆ ఫైలును ఆ పరికరం తప్ప మరొకటి చదవలేదు. రౌటరే కాలిపోతే ఫైలు నిరుపయోగం. భాష మారినందువల్ల సెట్టింగులు పోయినప్పుడు పాత భాషలోని ఫైలునే తిరిగి ఎక్కిస్తే కొత్త చిక్కులు రావచ్చు. మొదటి అంకె మారిన వెర్షన్ తరువాత చేతితో ఎక్కించడమే క్షేమం. ఆ ఫైలులో పాస్‌వర్డులుంటాయి కనుక దానిని ఇతరులకు పంపకూడదు.

అందుకే పుట కావాలి. ఒక్క పుట చాలు. అందులో వైఫై పేరు, పాస్‌వర్డ్ పెద్ద, చిన్న అక్షరాల తేడాతో సహా, భద్రతా పద్ధతి వ్రాయండి. రౌటరు పేజీ చిరునామా, ప్రవేశ పాస్‌వర్డ్ వ్రాయండి. ఖాతా పేరు, పాస్‌వర్డ్, తెరపై VLAN ID అని సంఖ్య ఉంటే ఆ సంఖ్య వ్రాయండి. ప్రింటరు, కెమెరాలకు కేటాయించిన చిరునామాలుంటే అవి కూడా. చివర ఫర్మ్‌వేర్ వెర్షన్, పుట వ్రాసిన తేదీ. పుటను బీరువాలో ఇంటి కాగితాలతో ఉంచండి, రౌటరు పక్కన గోడకు అంటించవద్దు.

తెరను ఫోటో తీసుకుంటే సరిపోదా అని అడగవచ్చు. మిగిలిన గడులకు సరిపోతుంది. ఖాతా పాస్‌వర్డ్ ఉన్న గడిలో మాత్రం చుక్కలే కనిపిస్తాయి, ఫోటోలో వచ్చేవి కూడా చుక్కలే. కనెక్షన్ ఇచ్చిన రోజు కాగితం దొరకకపోతే సంస్థకు ఫోను చేసి ఆ పాస్‌వర్డ్ ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఇంటర్నెట్ లేని రోజున అడగడం కంటే ఉన్న రోజున అడగడం సులభం.

మీరే ఫర్మ్‌వేర్ మార్చేటట్లయితే మరికొన్ని జాగ్రత్తలు. రౌటరును చిన్న యూపీఎస్‌కు కలపండి. కంప్యూటరును వైఫైతో కాక కేబుల్‌తో కలపండి, ఎందుకంటే మధ్యలో వైఫై పేరే మారిపోవచ్చు. సంస్థ సర్వీసు కేంద్రం పనిచేసే వేళలోనే మొదలుపెట్టండి. 'సెట్టింగులు నిలుపు' అనే అర్థంలో Keep Settings వంటి గడి కనిపిస్తే టిక్కు ఉందో లేదో చూడండి. కొత్త ఫర్మ్‌వేర్ మేల్కొన్న తరువాత దీపాలు స్థిరపడేవరకు, కనీసం పది నిమిషాలు, కరెంటు తీయవద్దు.

ఇంత చికాకు ఎందుకు, మార్పిడే మానుకుందామని అనిపించవచ్చు. అది తగదు. దొంగలు దూరే సందులను మూసేది ఈ మార్పిడే. దూరం నుండి జరిగే మార్పిడిని సాధారణంగా మనం ఆపలేము కూడా.

చివరగా ఒక విషయం. అన్నింటికంటే ప్రమాదకరమైన రీసెట్ మనకు తెలియకుండా జరిగేది. వైఫై నడుస్తుంటుంది, ఇంటర్నెట్ ఉంటుంది, కాని రౌటరు పేజీలోని ప్రవేశ పాస్‌వర్డ్ మాత్రం చీటీపై ఉన్నదిగా మారి ఉంటుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు, ఏ దీపమూ ఆరదు. కాబట్టి మూడు నెలలకొకసారి రౌటరు పేజీ తెరిచి వెర్షన్ సంఖ్యను మీ పుటతో పోల్చండి. సంఖ్య మారి ఉంటే, రిలే ప్యానెల్ దగ్గర మేము చేసినట్లే, పుటలోని ఒక్కొక్క వరుసనూ తెరతో సరిపోల్చి, క్రొత్త సంఖ్యను, తేదీని క్రింద వ్రాసుకోండి.